దవా కాని డబ్బా

డాక్టర్ "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగితే మన ఇళ్ళల్లో బుజుర్గులు లెక్క సరిగ్గానే చెప్తారు. బీపీ గోలీ, షుగర్ గోలీ, గుండె డాక్టర్ రాసిన రెండు గోలీలు. కానీ తాకత్ కోసమో హాఫిజా కోసమో వాడే డబ్బా ఆ లెక్కలోకి రాదు. అది దవా కాదు కదా, జడీబూటీ. యునానీ మాజూన్, ఖమీరా తిని పెరిగినవాళ్ళం. చెట్టు నుంచి వచ్చింది మనిషికి నష్టం చెయ్యదన్న భరోసా మనకు పాలతోపాటే వచ్చింది.

నేనుండే గుమ్మడిదలలో ఈ భరోసా చూస్తే నాకు కొంచెం నవ్వొస్తుంది. బొంతపల్లి, ఖాజీపల్లి, గడ్డపోతారం వైపు మందుల కంపెనీల బస్సులు రోజుకు మూడు షిఫ్టులు మనుషుల్ని మోస్తాయి. మా మొహల్లాలో రెండిళ్ళకొకరు ఫార్మాలో పనిచేస్తారు. పొడి ఎలా తయారవుతుందో, ఎక్కడ తేడా జరుగుతుందో వాళ్ళకు తెలుసు. ఇంటికొచ్చాక మాత్రం నైట్ షిఫ్ట్ కమ్జోరీకని మెడికల్ షాపులో జిన్సెంగ్ గుళికలు అడుగుతారు.

మా మామూకు డెబ్బై దగ్గర పడ్డాయి. రెండేళ్ళ కింద స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75 రోజూ వేసుకుంటారు. ఈ మధ్య మతిమరుపు మొదలైంది. అసర్ నమాజులో అది మూడో రకాతా నాలుగో రకాతా అని తడబడుతున్నానని స్వయంగా ఆయనే చెప్పారు. జిద్దాలో ఉన్న కొడుకు సెలవుకొచ్చినప్పుడు సూట్‌కేసులో ఒక డబ్బా తెచ్చాడు. దాని మీద గింకో, జిన్సెంగ్ అని పెద్ద అక్షరాలు, పక్కన మెదడు బొమ్మ. రోజుకు రెండు చొప్పున మూడు వారాలు నడిచింది.

తర్వాత దవడ పన్ను పీకించుకోవాల్సి వచ్చింది. నర్సాపూర్‌లో పళ్ళ డాక్టరమ్మ మందుల చీటీ చూసి, "ఇవి కాక ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగింది. మామూ లేదన్నారు. పక్కనున్న మామీ ఊరుకోలేదు: "వో డబ్బా బోలో నా జీ!" డాక్టరమ్మ పన్ను ముట్టుకోకుండా, ముందు గుండె డాక్టర్‌తో మాట్లాడి రమ్మంది. ఆ సాయంత్రం మామూ డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చారు. "మియాఁ, నువ్వు పేపరోడివి. ఇందులో ఏముందో చదివి చెప్పు. ఆకు తింటే కూడా రక్తం కారుతుందా?"

కారుతుందా అన్న ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో జవాబు లేదు. చెయ్యి కోసుకుంటే ముందుగా ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గండి పూడుస్తాయి. అవి అతుక్కోవడానికి వేర్వేరు సైగలు ఉంటాయి. ఆస్పిరిన్ ఒక సైగను ఆపుతుంది, క్లోపిడోగ్రెల్ ఇంకోదాన్ని. స్టెంట్‌లో గడ్డ కట్టకూడదనే ఆ రెండూ ఇస్తారు. గింకో ఆకులో ఉండే గింకోలైడ్ బి అనే పదార్థం మూడో సైగకు అడ్డుపడుతుందని ప్రయోగశాలలో తేలింది. మామూలు మోతాదులో మనిషి ఒంట్లో దాని అసర్ చాలా తక్కువ. కానీ రెండు తలుపులు ముందే మూసి ఉన్న ఇంట్లో మూడోదాన్ని కాస్త తోసినా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన ఒక కేసు మామూకు చెప్పాను. అమెరికాలో ఒక పెద్దాయన, వయసు 70. గుండెకు బైపాస్ అయ్యాక మూడేళ్ళుగా రోజూ 325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటున్నా ఏ ఇబ్బందీ లేదు. గింకో 40 మిల్లీగ్రాములది రోజుకు రెండు మొదలుపెట్టిన వారానికి, దెబ్బేమీ తగలకుండానే కంట్లో నల్లగుడ్డు ముందు భాగంలో రక్తం చేరింది. గింకో మానేసి ఆస్పిరిన్ కొనసాగించాడు. డాక్టర్లు గమనించిన మూడు నెలల్లో మళ్ళీ రక్తం రాలేదు.

ఒక్క మనిషి కేసు రుజువు కాదు. అందుకే రెండో వైపు కూడా చెప్పాను. అమెరికాలోనే 75 ఏళ్ళు, అంతకు పైబడిన 3,069 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి గింకో 120 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఇంకో భాగానికి ఉత్త గుళిక ఇచ్చి సుమారు ఆరేళ్ళు చూశారు. ఫలితాలు 2008లో వచ్చాయి. పెద్ద రక్తస్రావాలు రెండు వైపులా దాదాపు సమానం. మెదడులో రక్తం చిట్లిన స్ట్రోక్ మాత్రం గింకో వైపు 16 మందికి, అటు 8 మందికి వచ్చింది. అంత చిన్న అంకెల్లో ఆ తేడా యాదృచ్ఛికం కూడా కావచ్చని పరిశోధకులే అన్నారు. అంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి భయపడేంత లేదు. స్టెంట్ ఉండి, రెండు పల్చన చేసే గోలీలు మింగుతూ, పన్ను పీకించుకోబోయే మనిషికి మాత్రం లెక్క వేరు.

మామూ అసలు సంగతి అడిగారు: "ఠీక్ హై, హాఫిజా తో బఢ్తా హై నా?" అదే 3,069 మందిలో డిమెన్షియా రావడం గింకో వల్ల తగ్గలేదు. జ్ఞాపకం అరిగిపోయే వేగమూ తగ్గలేదు. బీపీ కూడా తగ్గలేదు. మామూ మౌనంగా డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నారు.

జిన్సెంగ్ సంగతి ఇంకో రకం. అది బీపీ పెంచుతుందన్న పేరు 1979 నాటి ఒక అమెరికన్ పరిశీలన నుంచి వచ్చింది. ఎక్కువ మోతాదులో వాడిన కొందరికి బీపీ పెరిగింది, నిద్ర పట్టలేదు, గాభరా పుట్టింది. అయితే వాళ్ళు కాఫీ లాంటివి కూడా బాగా తాగేవాళ్ళు. తర్వాత సరిగ్గా చేసిన ప్రయోగాల్లో సగటున బీపీ పెద్దగా మారలేదు. కాబట్టి నైట్ షిఫ్ట్‌లో నాలుగు చాయ్‌లు తాగి, నిద్ర లేక, పైన జిన్సెంగ్ వేసుకునేవాడి బీపీ పెరిగితే నేరం ఒక్క వేరు మీద మోపలేం. చూసుకునే దారి ఒకటుంది. గుళిక మొదలుపెట్టక ముందు వారం రోజులు, మొదలుపెట్టాక రెండు వారాలు, ఒకే సమయంలో, ఐదు నిమిషాలు కూర్చున్నాక ఇంటి మిషన్‌తో కొలిచి రాసుకోవాలి. తాకత్ వచ్చింది కదా అని బీపీ గోలీ ఆపేయడం అన్నిటికంటే ఖతర్నాక్.

వాల్వ్ మార్పించుకుని ఎసిట్రోమ్ లాంటి గోలీ వాడేవాళ్ళు మన కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. రక్తం ఎంత పల్చగా ఉందో ఐఎన్ఆర్ పరీక్షతో చూపించుకుంటుంటారు. వాళ్ళకు జిన్సెంగ్ ఎదురు తిరిగింది. అమెరికాలో కృత్రిమ వాల్వ్ ఉన్న 47 ఏళ్ళ మనిషికి అదే కోవ మందు వార్ఫరిన్ మీద ఐఎన్ఆర్ 3.1 దగ్గర నిలకడగా ఉండేది. జిన్సెంగ్ మొదలుపెట్టిన రెండు వారాలకు 1.5కి పడిపోయింది. మానేసిన రెండు వారాలకు 3.3కి వచ్చింది. అంటే ఇక్కడ రక్తం కారడం కాదు, వాల్వ్ మీద గడ్డ కట్టడం భయం. ఒకే డబ్బాలో ఒకటి అటు, ఒకటి ఇటు లాగే రెండు మూలికలు!

ఇదంతా డబ్బాలో ఉన్నది గింకో, జిన్సెంగే అనుకుంటే. నా ఖాలా కొడుకు ఒకడు కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాడు. ఫోన్ చేస్తే వాడు నవ్వాడు. "భాయిజాన్, మన వాళ్ళు లేబుల్ మీద జెలటిన్ హలాలా కాదా చూస్తారు. లోపలి పొడి సంగతి ఎవరడుగుతారు?"

వాడు విడమర్చి చెప్పాడు. మంచి గింకో సారంలో ఫ్లేవోన్ గ్లైకోసైడ్లు 24 శాతం, టెర్పీన్ లాక్టోన్లు 6 శాతం ఉండాలి. లేబుల్ మీద 24, 6 అని రాసేది అదే. ల్యాబులో పొడిని ఆమ్లంతో విరగ్గొట్టి క్వెర్సెటిన్, కెంఫెరాల్, ఐసోరామ్నెటిన్ అనే మూడింటిని కొలిచి, దాన్నిబట్టి 24 లెక్కగడతారు. మోసగాడికి దారి ఇక్కడే. రూటిన్ అనే చౌక పదార్థం వేరే మొక్కల నుంచి బోలెడు దొరుకుతుంది. విరిగితే అదీ క్వెర్సెటినే. కొద్దిగా ఆకు సారంలో రూటిన్ కలిపితే 24 శాతం చక్కగా వస్తుంది, కాగితం పాస్. "పట్టుకోవడం కష్టం కాదు భాయిజాన్. అసలు ఆకులో క్వెర్సెటిన్, కెంఫెరాల్ ఇంచుమించు జోడీగా నడుస్తాయి. ఒక్క క్వెర్సెటినే కొండలా లేస్తే అందులో మిలావట్ ఉన్నట్టే. కానీ మొత్తం మాత్రమే చూసేవాడికి అది కనబడదు."

2015లో న్యూయార్క్ అటార్నీ జనరల్ నాలుగు పెద్ద దుకాణ సంస్థల గింకో, జిన్సెంగ్ గుళికలకు డీఎన్ఏ పరీక్ష చేయించి, చాలావాటిలో ఆ మొక్క జాడే లేదని నోటీసులిచ్చిన సంగతి ఎత్తాను. వాడు దాన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. ద్రావకంలో ఉడికి ఆరిన సారంలో డీఎన్ఏ మిగలకపోవచ్చు, కాబట్టి జాడ లేదంటే మొక్క లేదని కాదన్నాడు. అప్పట్లో చాలామంది నిపుణులు కూడా అదే అన్నారు. పరీక్ష కూడా సరైనదై ఉండాలన్నమాట.

జిన్సెంగ్ పేరు కిందా గందరగోళమే. కొరియా వేరు ఒకటి, అమెరికా వేరు ఇంకోటి. సైబీరియన్ జిన్సెంగ్ అనేది అసలు వేరే జాతి. ఇండియన్ జిన్సెంగ్ అంటే మన అస్‌గంధ్, అంటే అశ్వగంధ. షాపుల్లో దొరికే విటమిన్ గుళికల్లో తరచూ జిన్సెంగ్ సారం 42.5 మిల్లీగ్రాములని ఉంటుంది. ప్రయోగాల్లో మామూలుగా ఇచ్చింది రోజుకు 200. పేరు పెద్దది, వేరు చిటికెడు. ఇంకా, మర్దానా తాకత్ అని అమ్మే కొన్ని 'జిన్సెంగ్' గుళికల్లో రాయకుండా సిల్డెనాఫిల్ కలిపినట్టు అమెరికా ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. గుండెనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకునేవాళ్ళకు అది తోడైతే బీపీ ఒక్కసారిగా కూలిపోతుంది.

మన దేశంలో ఇలాంటివి అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్స్ నంబరు, 'హెల్త్ సప్లిమెంట్' అన్న మాట, మందుగా వాడరాదన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలి. అవి ఉన్నంత మాత్రాన లోపలి పొడి అసలుదని కాదు గానీ, లేకపోతే అడగడానికి మనిషే దొరకడు. సూట్‌కేసులో వచ్చిన మామూ డబ్బా మీద వాటిలో ఏదీ లేదు. 'యాజమాన్య మిశ్రమం 500 మిల్లీగ్రాములు' అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట ఒకటే ఉంది. అందులో గింకో ఎంతో, జిన్సెంగ్ ఎంతో విడిగా లేదు.

మర్నాడు గుండె డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన మొదట చెప్పింది, ఎవరి మాటా విని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా ఆపొద్దని. స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది, పన్ను చిగురులో కారే రక్తాన్ని గాజుతో నొక్కి, కుట్టేసి ఆపొచ్చు. ఆపాల్సింది డబ్బాని. ఆపరేషన్‌కు ముందు గింకోను కనీసం 36 గంటలు, జిన్సెంగ్‌ను ఏడు రోజులు ఆపాలని మత్తు డాక్టర్ల పుస్తకాల్లో ఉంటుంది. డబ్బాలో ఏముందో తెలియదు కాబట్టి ఆయన రెండు వారాలు ఆగమన్నారు. మతిమరుపు గురించి కూడా ఆయనే అడిగారు. పదేళ్ళుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారని విని బీ12, థైరాయిడ్ పరీక్షలు రాశారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు.

రెండు వారాల తర్వాత గోలీలు ఆపకుండానే పన్ను పీకారు. ఒక కుట్టు పడింది, అరగంట గాజు నొక్కిపెట్టుకున్నారు, రక్తం ఆగింది. బీ12 తక్కువగానే ఉందని తేలి సూదులు మొదలయ్యాయి. హాఫిజా ఎంత తిరిగొస్తుందో నెలలు గడిస్తే గానీ తెలియదు. జిద్దా నుంచి కొడుకు ఫోన్ చేసి ఈసారి ఏం తేవాలని అడిగితే, మామూ ఖజూర్ తెమ్మన్నారట. వెనక నుంచి మామీ, "షుగర్ వాలే కో ఖజూర్ నక్కో!" అని అరిచిందట.