దువా ఆపాది, హవా మనది

మా ఆపా కొడుకు, అంటే నా భాంజా, ఆదోని చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ఒక ల్యాబ్ కోసం రక్తం శాంపిళ్లు తెస్తుంటాడు. చేరిన మొదటి నెలలోనే బండి మీంచి రెండుసార్లు పడ్డాడు. ఒకసారి రోడ్డు పని కోసం పరిచిన కంకరలో, ఇంకోసారి వంక దాటే చోట ఇసుకలో. మోచేతులు చెక్కుకుపోయాయి, అల్లా దయవల్ల ఎముకలకేం కాలేదు. ఆపా రోజూ పొద్దున ఆయతుల్ కుర్సీ చదివి వాడి మీద ఊదితే తప్ప గడప దాటనివ్వడం లేదు. "ఆ నౌకరీ వద్దు, ఇంట్లో ఉండు" అని జిద్ పట్టింది. వాడేమో "ఇంకో నౌకరీ ఎవరిస్తారు మామూ?" అంటాడు. పల్లెల రిపోర్టింగ్‌లో ఇరవై ఏళ్లుగా ఇలాంటి దార్ల మీదే తిరుగుతున్నా కాబట్టి ఒక ఆదివారం వాణ్ణి వెంట తీసుకెళ్లా.

"స్పీడు పోలేదు మామూ, ఇరవైలోనే ఉన్నా" అన్నాడు దారిలో. అది నిజమే. చాలామంది కంకరలో స్పీడు వల్ల కాదు, గబ్రాహట్ వల్ల పడతారు. తారు రోడ్డు మీద ముందు చక్రం నేలను పట్టుకుని ఉంటుంది. కంకర మీద రాళ్లు చక్రం కింద దొర్లుతుంటాయి, అందుకే హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. అలా ఊగడం బండికి జబ్బు కాదు. ముందు చక్రం అమరికే అలాంటిది, చేతులు వదులుగా ఉంటే దానంతట అదే సూటిగా వచ్చేస్తుంది. కానీ హ్యాండిల్ ఊగగానే మనం ఏం చేస్తాం? గట్టిగా పట్టుకుంటాం, రేజు ఒక్కసారిగా వదిలేస్తాం, ముందు బ్రేకు నొక్కుతాం. ఈ మూడూ ఒకే క్షణంలో జరిగిపోతాయి. రేజు పోగానే బండి బరువంతా ముందుకు వాలుతుంది, చక్రం రాళ్లలోకి గుచ్చుకుంటుంది, పైనుంచి బ్రేకు దాన్ని ఆపేస్తుంది. ఇక హ్యాండిల్ మడత పడటమే తరువాయి. మా వాడు సరిగ్గా ఇలాగే పడ్డాడని మోచేతి గాయాలు చూస్తేనే తెలిసింది. రెండూ ఒకే వైపు, హ్యాండిల్ మడతపడిన వైపు.

అందుకని మొదటి పాఠం రేజు మీదే. కంకర మొదలయ్యే ముందే, ఇంకా గట్టి నేల మీద ఉండగానే స్పీడు తగ్గించి రెండో గేరులోకి రావాలి. ఆ తర్వాత రేజు చాలా కొద్దిగా, ఒకే తీరుగా ఇస్తూ ఉండాలి. వెనక చక్రం తోస్తూ ఉంటే ముందు చక్రం మీద బరువు తేలికవుతుంది, ఊగుతూనే అయినా దారి వెతుక్కుంటుంది. స్పీడు తగ్గించాలంటే రేజును టక్కున మూసేయకుండా మెల్లగా తిప్పాలి, బండి నిటారుగా ఉన్నప్పుడే బ్రేకు వేయాలి, మలుపులో వేయకూడదు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2019లో మన దేశంలో కొత్తగా వచ్చే 125 సీసీ వరకు బళ్లకు ఏబీఎస్ గానీ, కలిపి పనిచేసే బ్రేకులు గానీ తప్పనిసరి చేశారు. ఏబీఎస్ లేని ఆ బళ్లలో వెనక బ్రేకు నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. పాతకాలం ఉస్తాద్‌లు "కంకరలో వెనక బ్రేకే వాడు" అనేవారు. అది ఇప్పటికీ మంచి మాటే, కానీ కొత్త బండిలో ఆ పెడల్‌ను బలంగా తొక్కితే ముందు చక్రం కూడా స్పందిస్తుందని గుర్తుంచుకోవాలి. మా వాడి బండి అలాంటిదే.

తర్వాత ఒంటి సంగతి. మట్టి దార్ల మోటార్ సైకిల్ రేసుల్లో వాళ్లు ఫుట్‌రెస్టుల మీద నిలబడతారు. మన ఇళ్లలో ఉండే బళ్లకు హ్యాండిల్ కిందికి ఉంటుంది, నిలబడితే నడుము వంగిపోయి చేతుల మీద బరువు పడుతుంది. అలా నిలబడటం కన్నా కూర్చోవడమే మేలు. నేను వాడికి చెప్పింది సగం నిలబడటం. పాదాల మధ్యభాగం ఫుట్‌రెస్టుల మీద పెట్టి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, సీటు మీంచి రెండు వేళ్ల ఎత్తు లేవాలి. అప్పుడు మన బరువు సీటు మీద కాకుండా ఫుట్‌రెస్టుల గుండా దిగుతుంది, మన కింద బండి ఊగినా మనం ఊగం. మోచేతులు కాస్త వంగి ఉండాలి. పిడికిలి ఎంత వదులుగా ఉండాలంటే, చేతిలో పిచ్చుక పిల్ల ఉన్నట్టు. చూపు ముందు చక్రం దగ్గర కాదు, పాతిక ముప్పై అడుగుల అవతల ఉండాలి. పెద్ద రాయిని చూస్తూ ఉంటే బండి దాని మీదకే పోతుంది. అర కిలోమీటరు కంకర రోడ్డు మీద పదిసార్లు తిప్పించా. నాలుగోసారికి భుజాలు దిగాయి. ఏడోసారికి నవ్వాడు.

ఆ తర్వాత తుంగభద్ర ఒడ్డుకు వెళ్లాం. ఎండాకాలం కాబట్టి పొడి ఇసుక చాలా ఉంది. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో హవా చూద్దామని మీటరు పెట్టా. ముందు 34, వెనక 40 ఉంది! బండి పుస్తకంలో ఒక్కరే కూర్చుంటే ముందు 25, వెనక 28 అని రాసి ఉంది. "పంచర్ షాపులో మైలేజీ వస్తుందని గట్టిగా కొట్టాడు మామూ." బయట షాపుల్లో ఇది ఆదత్. గట్టి టైరు కంకర మీద బంతిలా ఎగురుతుంది, ఇసుకలో కత్తిలా దిగుతుంది. వాడి రెండు పడటాల్లో ఈ హవాకు కూడా హిస్సా ఉంది.

హవా తగ్గితే టైరు కింద పరుచుకుంటుంది, నేలకు తగిలే భాగం పెరుగుతుంది, బరువు ఎక్కువ చోట పంచుకుంటుంది. ఒంటె పాదం ఎందుకు వెడల్పుగా ఉంటుందో అందుకే. కంకరకు మేం పుస్తకంలో ఉన్న అంకెకే దించాం. అంతకన్నా దించితే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు పక్కపక్క చిల్లులు పడతాయి, పాము కాటేసినట్టు. ఇసుకలో రాళ్ల ఖతరా లేదు కాబట్టి ముందు 18, వెనక 20కి దించాం. ట్యూబు టైర్లను ఇంకా కిందికి తేవడం నాకు ఇష్టం లేదు. టైరు రిమ్ము మీద జారి, ట్యూబును కూడా లాగి, వాల్వు దగ్గర చింపేస్తుంది. జారిందో లేదో తెలుసుకోవడం సులువే. వాల్వు రిమ్ములోంచి సూటిగా బయటికి రావాలి. ఒక పక్కకు వాలి ఉంటే ట్యూబు కదిలిందని అర్థం, వెంటనే ఆగాలి.

మీటరు అన్నిసార్లూ జేబులో ఉండదు. ఇంట్లో ఒకసారి మీటరు పెట్టి, వాల్వు పిన్నును నొక్కి పది అంకెలు లెక్కపెట్టి, ఎన్ని పాయింట్లు దిగిందో మళ్లీ చూసుకుంటే మీ టైరు లెక్క మీకు తెలుస్తుంది. కానీ దించడం మాత్రమే తెలిస్తే చాలదు, ఎక్కించడానికి కాలితో తొక్కే పంపు కూడా ఉండాలి. 18 హవాతో తారు మీద స్పీడుగా పోతే టైరు వేడెక్కుతుంది, మలుపుల్లో బండి ఈదుతున్నట్టు ఉంటుంది. అందుకే ఇసుక అయిపోయాక తారెక్కే ముందే తిరిగి కొట్టుకోవాలి. మా వాడు చెమటలు కక్కుతూ తొక్కాడు.

ఇసుకలో ఒంటిని కాస్త వెనక్కి జరపాలి, ముందు చక్రం తేలడానికి. రేజు కంకరలో కన్నా గట్టిగా కావాలి, ఎందుకంటే ఇసుకే బండిని ఆపేస్తుంటుంది, బ్రేకుతో పనే లేదు. రేజు వదిలితే చక్రం నాగలిలా దిగుతుంది. వెనక చక్రం అక్కడే తిరుగుతూ ఉంటే ఇంకా రేజు ఇవ్వకూడదు, ఇస్తే ఇరుసు దాకా గొయ్యి తవ్వుకుంటుంది. ఇంజను ఆపి, దిగి, బండిని పక్కకు పడుకోబెట్టి, గొయ్యిని కాలితో పూడ్చి, లేపి, మొదటి గేరులో పక్కన నడుస్తూ తీసుకురావాలి. అక్కడ జిద్ పనికిరాదు. వాడు మూడుసార్లు దిగబడ్డాడు, మూడుసార్లూ తనే తీసుకున్నాడు.

బురద పాఠం వానల్లో జరిగింది, అది సగం పాఠమే. ఆదోని వైపు నల్లరేగడి. ఎర్రమట్టి బురదలో రెండో గేరు, సన్నటి రేజు, నిమ్మళంగా మధ్యలో కూర్చోవడంతో నెట్టుకురావచ్చు. ట్రాక్టరు గాడిలో పడితే అందులోనే పోవాలి, గట్టు మీదకు ఏటవాలుగా ఎక్కబోతే చక్రం గోడకు రాసుకుని పడేస్తుంది. నీళ్ల గుంట ఉంటే ముందు కర్రతో లోతు చూడాలి. నల్లరేగడి కథ వేరు. అది టైరుకు అట్టలా అంటుకుని గాళ్లన్నీ నింపేస్తుంది, ఆ తర్వాత ఎంత మంచి టైరైనా నున్నటి గుండే. హవా దించినా ఫాయిదా లేదు. ఇంకాస్త ముందుకు పోతే మట్టి మడ్‌గార్డులో గట్టిపడి ముందు చక్రం తిరగడమే మానేస్తుంది. ఒక పుల్లతో గీకుతూ పోవాలి, పది గజాలకోసారి. నా తజుర్బాలో దీనికి రైడింగ్ ఇలాజ్ లేదు. వాన ఆగాక ఎండ పడితే పై పొర గట్టిపడుతుంది, అప్పటిదాకా ఆగడమే.

మన ఇళ్లలో బండి మీద ఒక్కరే వెళ్లేది తక్కువ. వెనక అమ్మీయో, బేగమో ఉంటారు, చాలాసార్లు పక్కకు కాళ్లు పెట్టుకుని. అలా కూర్చుంటే బరువు ఒక వైపు వాలుతుంది, కంకరలో మనం రేజుతో సరిచేసేది వాళ్లు ఉలిక్కిపడి చెడగొడతారు. రెండు వైపులా కాళ్లు పెట్టి దగ్గరగా కూర్చోమనాలి, బుర్ఖా కొంగు, దుపట్టా ఒళ్లో దోపుకోవాలి, వెనక చక్రంలో గుడ్డ పడితే ఊహించలేం. వెనక మనిషి ఉన్నప్పుడు వెనక టైరు హవా పుస్తకంలో ఇద్దరికని రాసినంత ఉండాలి, 28 చాలదు. మందమైన ఇసుక వచ్చిందంటే దిగి నడవమనాలి. మొన్న ఆపాను కోసిగి వైపు చుట్టాలింటికి తీసుకెళ్తూ వాడు వంక దగ్గర బండి ఆపి "అమ్మీ, దిగు" అన్నాడట. ఆవిడ ఇసుకలో చెప్పులు చేతబట్టుకుని నడుస్తూ నాకు ఫోన్ చేసింది. "నీ భాంజా నన్ను నడిపిస్తున్నాడు చూడు" అని. వెనక నుంచి వాడి కేక వినపడింది, "దువా నువ్వు చెయ్ అమ్మీ, హవా నేను చూసుకున్నా!"

అవతలి గట్టు మీద ఆవిణ్ణి మళ్లీ ఎక్కించుకున్నాడట. బండి తుడుచుకునే గుడ్డతో చెప్పుల్లోని ఇసుక కూడా దులిపి ఇచ్చాడట.