దత్తత పత్రం ముందే రాయించుకోకండి

మేము నోవైలో ఒకే ఇంట్లో ఉండే అక్కాచెల్లెళ్లం. అక్కకు పెళ్లి కాలేదు. 2023లో షార్జా క్యాంపు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మూడోది కూడా ఆడపిల్లే. నువ్వు పెంచుకుంటవా?" అన్నాడు. అక్క ఏడ్చేసింది. జగిత్యాలలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి దత్తత పత్రం రాయించుకుంటే పని అయిపోతుందని అందరం అనుకున్నాం.

రాయించేముందు ఇక్కడి దత్తత ఏజెన్సీలో అడగడం మంచిదయింది. అక్క అమెరికా పౌరురాలు కనుక హేగ్ ఒప్పందం ప్రకారమే నడవాలట. తల్లీతండ్రీ ఇద్దరూ బతికుండి బిడ్డను సాకగలిగితే ఆ దారిలో వీసా రాదు. పైగా అమెరికా అనుమతికి ముందే దత్తత పూర్తి చేస్తే కేసే చెడిపోతుంది. పత్రం చేతిలో ఉంటుంది, బిడ్డ మాత్రం అక్కడే ఉండిపోతుంది. "నా బిడ్డను నేనిస్తానంటే అడ్డమేంది?" అని తమ్ముడు కోప్పడ్డాడు. ఆ వాదనల్లోనే ఎనిమిది నెలలు గడిచి, అక్కకు 41 వచ్చాయి.

ఆ ఎనిమిది నెలలే మాకు నష్టం. మన దేశపు దత్తత సంస్థ 'కారా' 2022 నిబంధనల్లో ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా తీసుకోవచ్చు. కానీ రిజిస్టర్ చేసుకునే రోజుకు వయసు 40 దాటితే రెండేళ్లలోపు బిడ్డ దొరకదు. 45 వరకు రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డ, 50 వరకు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డ. చంటిబిడ్డ ఆశ అక్కడితో పోయింది.

తర్వాత వరుసగా కాగితాలు. ముందు ఏజెన్సీవారు ఇంటికొచ్చి హోం స్టడీ రాస్తారు. జీతం, పన్ను కాగితాలు, డాక్టరు సర్టిఫికెట్, వేలిముద్రలు, తెలిసినవాళ్ల లేఖలు అన్నీ అడిగారు. ఒంటరి మహిళ కాబట్టి ఇంకొకటి: ఆమెకేమైనా అయితే బిడ్డను చూసుకుంటామని బంధువు రాసివ్వాలి. అది మేమే రాసిచ్చాం. సంతకం పెడుతుంటే చేయి వణికింది. తర్వాత అమెరికా ఇమిగ్రేషన్‌కు ఐ-800ఎ ఫారం. అది మంజూరైతే 15 నెలలు చెల్లుతుంది, ఆలస్యమైతే గడువు పెంచమని అడగాలి. బిడ్డ ఎవరో తెలిశాక ఐ-800 వేసి, దానికి తాత్కాలిక మంజూరు వచ్చాకే ఇండియాలో దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వును కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేట్ ఇస్తారు.

మా స్నేహితురాలు కంపెనీ వీసా మీద ఉంది. పౌరురాలు కాదు కాబట్టి ఆమెకు ఐ-800 కుదరదు. దత్తత తర్వాత రెండేళ్లు బిడ్డతో కలిసి ఉంటేనే డిపెండెంట్ వీసా అడగొచ్చు. అంటే ఉద్యోగం వదిలి ఇండియాకు పోవాలి. ఆమె ఆగిపోయింది.

గల్ఫ్‌లో ఉన్న అక్కచెల్లెళ్లూ, మీ దేశంలో కారా గుర్తించిన ఏజెన్సీ లేకుంటే ముందు ఇండియన్ ఎంబసీని అడగండి. ఆ దేశం బిడ్డకు వీసా ఇస్తుందా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

అక్క ఫైలు ఇప్పుడు వరుసలో ఉంది. మొన్న తమ్ముడు ఫోన్ చేసి, "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగాడు.