బస్సు పేరుతో రైలు టికెట్

లిలువాలో ఇంట్లో కూర్చునే హౌరా నుంచి విశాఖకి రైలు టికెట్ తీశాను.
తీసింది రెడ్‌బస్ యాప్‌లో! అందులో రైళ్ల విభాగం పేరు రెడ్‌రైల్.

అప్పట్నుంచీ ఈ పేరు గురించే ఆలోచన.

2006లో ఫణీంద్ర సామ, ఇద్దరు మిత్రులు రెడ్‌బస్ మొదలుపెట్టినప్పుడు అమ్మింది బస్సు టికెట్లే. పేరు వినగానే పని అర్థమయ్యేది. కొత్త కంపెనీకి అది పెద్ద బలం.
కానీ అప్పట్లో రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్న పేరు పిలానీ సాఫ్ట్ ల్యాబ్స్. అందులో బస్సు ఊసే లేదు. రేపు బస్సులు వదిలేసి ఇంకేం చేసినా ఆ పేరు అలాగే సరిపోయేది.

ఈ తేడా చాలా ముఖ్యం.
బ్రాండ్ పేరు మార్చాలంటే జనానికి మళ్లీ అలవాటు చేయాలి.
కంపెనీ పేరే మార్చాలంటే వాటాదారుల ప్రత్యేక తీర్మానం కావాలి, ప్రభుత్వ ఆమోదం కావాలి. పాన్, జీఎస్‌టీ, బ్యాంకు ఖాతా అన్నీ మార్చుకోవాలి. పైగా రెండేళ్లపాటు బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద పాత పేరు కూడా వేయాలి.

అందుకే సరుకు పేరు బ్రాండ్‌లో పెట్టుకోండి, కంపెనీ పేరులో వద్దు.

మీ కంపెనీకి ఏం పేరు పెట్టారు? రేపు వేరే సరుకు అమ్మినా అది నప్పుతుందా? కామెంట్లలో చెప్పండి.