మనుషులు సగం, మైదానం అంతే



ఒలింపిక్స్‌లో రగ్బీ చూసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘సెవెన్స్ అంటే రగ్బీకి టీ20 లాంటిదే కదా? పెద్ద ఆటను కుదించారు, అంతేగా?’ అని. పోలిక సగం వరకే సరిపోతుంది. టీ20లో ఓవర్లు తగ్గించారు కానీ జట్టుకు పదకొండు మందే. సెవెన్స్‌లో సమయమూ తగ్గింది, మనుషులూ సగానికి తగ్గారు. తగ్గనిది మైదానం ఒక్కటే. పదిహేను మంది ఆడే ఆటకీ ఏడుగురి ఆటకీ అదే వంద మీటర్ల పొడవు, డెబ్బై మీటర్ల వెడల్పు. రెండు ఆటల మధ్య మనకు కనిపించే తేడాలు చాలావరకు ఇక్కడి నుంచే పుట్టాయి.

పారిస్ పక్కనున్న స్టేడ్ డి ఫ్రాన్స్‌లో తొమ్మిది నెలల తేడాతో జరిగిన రెండు ఫైనళ్లు చూడండి. 2023 అక్టోబర్ 28న అక్కడ పదిహేను మంది ఆటకు ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. ఎనభై నిమిషాల ఆటలో దక్షిణాఫ్రికా 12-11తో న్యూజిలాండ్‌ను ఓడించింది. దక్షిణాఫ్రికా ఒక్క ట్రై కూడా చేయలేదు. హాండ్రే పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీ కిక్కులు, ఒక్కోదానికి మూడేసి పాయింట్లు, అంతే. 2024 జులై 27న అదే స్టేడియంలో ఒలింపిక్ సెవెన్స్ ఫైనల్ జరిగింది. ఏడేసి నిమిషాల రెండు సగాల్లో ఫ్రాన్స్ 28-7తో ఫిజీని ఓడించింది. పద్నాలుగు నిమిషాల్లో ఐదు ట్రైలు పడ్డాయి. పెనాల్టీ గోలు ఒక్కటీ లేదు.

ఇంత తేడా ఎందుకొచ్చిందో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. పదిహేను మంది ఆటలో సాధారణంగా ముగ్గురు వెనక్కి నిలబడి ఎత్తు కిక్కుల కోసం కాచుకుంటారు. మిగతా పన్నెండు మంది డెబ్బై మీటర్ల వెడల్పులో వరుస కడితే మనిషికి ఆరు మీటర్ల లోపే కాపలా. రెండు అడుగులు పక్కకు వేస్తే తోటివాడు అందుతాడు. సెవెన్స్‌లో ఒకడు వెనక స్వీపర్‌గా ఉంటే వరుసలో మిగిలేది ఆరుగురు. మనిషికి దాదాపు పన్నెండు మీటర్లు. అందులో ఒకడు ట్యాకిల్ చేసి నేలమీద ఉన్నాడంటే లేచి నిలబడేదాకా ఐదుగురే. ఆ వరుసలో ఒకడు తొందరపడి ముందుకు ఉరికినా, ఒక్క పట్టు జారినా, వెనక ఆపేవాడు స్వీపర్ తప్ప ఇంకెవరూ ఉండరు.

అందుకే రెండు ఆటల ఎత్తుగడలు దాదాపు పూర్తి విరుద్ధంగా ఉంటాయి. పదిహేను మంది ఆటలో గోడను గుద్ది గుద్ది పగలగొట్టాలి. ఫార్వర్డ్‌లు బంతి పట్టుకుని నేరుగా ఢీకొడతారు, కిందపడతారు, మీద ఇరుపక్షాలూ మూగి రక్ ఏర్పడుతుంది, బంతి బయటికి రాగానే మళ్లీ ఢీకొడతారు. పని జరగకపోతే బంతిని దూరంగా తన్ని, ‘మీ చివర్లో మీరే ఆడుకోండి’ అని ప్రత్యర్థికి వదిలేస్తారు. తమ వైపు తప్పులు జరగకుండా, అవతలివాళ్లు తప్పు చేసేదాకా కాచుకోవడం కూడా ఒక వ్యూహమే. పొలార్డ్ పన్నెండు పాయింట్లూ అలా వచ్చినవే.

సెవెన్స్‌లో బంతిని తన్నడమంటే చేతిలో ఉన్నదాన్ని ఊరికే ఇచ్చేయడమే. పద్నాలుగు నిమిషాల్లో అది మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. ఢీకొట్టడమూ నష్టమే. పట్టుబడ్డవాడు బంతి వదలాలి. తోడుగా వచ్చే మనిషి ఇరవై మీటర్ల దూరంలో ఉంటే, ముందు ప్రత్యర్థే దాన్ని లాక్కుంటాడు. కాబట్టి ఒంటి మీద చెయ్యి పడకముందే పాస్ ఇచ్చేస్తారు. దారి లేకపోతే సిగ్గుపడకుండా పది, పదిహేను మీటర్లు వెనక్కి కూడా పాస్‌లు ఇస్తారు. కొత్తగా చూసేవాళ్లకు ఇది పారిపోవడంలా అనిపిస్తుంది. నిజానికి అవతలి వరుసను ముందుకు లాగి, పక్కలకు సాగదీసి, ఎక్కడో ఒక సందు తెరుచుకునేదాకా ఆగడం అది. పెనాల్టీ దొరికినా గోలుకు తన్నరు. బంతిని కాలితో అలా తాకించి వెంటనే పరుగు అందుకుంటారు, ప్రత్యర్థులు సర్దుకునేలోగా.

స్క్రమ్ కూడా ఇలాగే అర్థం మార్చుకుంది. పెద్ద ఆటలో ఎనిమిదేసి మంది తోసుకునే బలపరీక్ష అది, పెనాల్టీలు సంపాదించే చోటు. ప్రపంచకప్ ఫైనల్‌కు దక్షిణాఫ్రికా బెంచీ మీద ఏడుగురు ఫార్వర్డ్‌లనూ ఒక్క బ్యాక్‌నూ పెట్టుకున్నది తాజా బలం కోసమే. సెవెన్స్ స్క్రమ్‌లో ఇరువైపులా ముగ్గురేసి. ఆ ఆరుగురూ ఒకచోట ఇరుక్కుంటే మిగతా మైదానమంతా నలుగురికి నలుగురు. అక్కడి నుంచి దాడి మొదలుపెట్టడం కంటే సుఖం లేదు.

పారిస్ ఫైనల్‌లో సగం ఆటకు స్కోరు 7-7. అప్పుడు ఫ్రాన్స్ ఆంటోయిన్ డుపాంట్‌ను దింపింది. పెద్ద ఆటలో ఫ్రాన్స్ కెప్టెన్, స్క్రమ్‌హాఫ్. సెవెన్స్ కోసం ఆ ఏడాది సిక్స్ నేషన్స్ పోటీలనే వదులుకున్నాడు. కాసేపటికే ఎడమ గీత వెంబడి దూసుకుపోయి, కాపలావాళ్లను తన వైపు లాక్కుని, పక్కనున్న సహచరుడికి బంతి అందించాడు. ట్రై. ఆ తర్వాత తనే రెండు చేశాడు. అప్పటిదాకా ఫిజీ ఒలింపిక్ సెవెన్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

పాయింట్లు పడ్డాక ఆట మళ్లీ మొదలయ్యే తీరూ చెప్పాలి. సెవెన్స్‌లో పాయింట్లు సాధించిన జట్టే మళ్లీ బంతి తన్ని ఆట మొదలుపెట్టాలి. పెద్ద ఆటలో పాయింట్లు ఇచ్చుకున్న జట్టు తన్నుతుంది. పైకి చూస్తే సెవెన్స్ నిబంధన వెనకబడ్డవాళ్లకు బంతి అప్పగించినట్టే. కానీ తన్నేవాళ్లు దాన్ని పది మీటర్ల గీత దాటేంత దగ్గరగా, బాగా ఎత్తుగా తన్ని, పొడుగాటి ఆటగాణ్ణి ఎగరేసి మళ్లీ అందుకోగలిగితే, ప్రత్యర్థి బంతి ముట్టకుండానే రెండు ట్రైలు వెనకబడిపోతాడు. ఏడు నిమిషాల సగంలో అది కోలుకోవడం కష్టమైన దెబ్బ.

పసుపు కార్డుదీ ఇదే కథ. పెద్ద ఆటలో పది నిమిషాలు బయట, అంటే ఆటలో ఎనిమిదో వంతు. సెవెన్స్‌లో రెండు నిమిషాలు, అంటే ఏడో వంతు. కాలం లెక్కన దాదాపు సమానమే. కానీ ఆరుగురితో అంత మైదానం కాయడం వేరు. 2023 ఫైనల్‌లో న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్‌కు మొదటి సగంలోనే కార్డు పడింది, తర్వాత అది ఎర్రకార్డు అయింది. అయినా మిగిలిన పద్నాలుగు మందితోనే ఆ మ్యాచ్‌లోని ఏకైక ట్రై చేశారు, ఒక్క పాయింటుతోనే ఓడారు. సెవెన్స్‌లో ఒక మనిషి లోటును అంతసేపు మోయగలగడం ఊహకు కూడా అందదు.

సెవెన్స్‌లో ఆఖరి క్షణం దాకా ఫలితం తేలకపోవడానికీ మైదానంలోని ఖాళీయే కారణం. పారిస్‌లో మహిళల కాంస్య పోరులో ఆస్ట్రేలియా 12-7తో ముందుంది. ఆట ముగిసే క్షణాల్లో అమెరికా క్రీడాకారిణి అలెక్స్ సెడ్రిక్ సొంత గోలు గీత దగ్గర్లో పట్టు విడిపించుకుని, అవతలి చివరిదాకా పరుగెత్తి ట్రై చేసింది. కన్వర్షన్ కూడా తనే కొట్టి 14-12తో గెలిపించింది. సెవెన్స్‌లో కన్వర్షన్‌కు బంతిని నేలమీద నిలబెట్టి తన్నరు, చేతిలోంచి వదిలి నేల తాకగానే తన్నాలి.

మనకూ చూసే అవకాశం దగ్గరికొచ్చింది. 2025 జూన్‌లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్ ఏడుగురి ఆటే, అందులో హైదరాబాద్ హీరోస్ పేరుతో మన జట్టూ ఉంది. ఈసారి చూసేటప్పుడు బంతిని కాసేపు వదిలేసి, కాపలా వరుసలో ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉన్నారో గమనించండి. ట్రై ఎక్కడ పడబోతోందో వ్యాఖ్యాత కంటే ముందే మీకు తెలిసిపోతుంది. తెలిసిందో లేదో నాకు ఒక ముక్క రాయండి.

ఉంటాను,
మీ రచయిత