అరవై సెంట్ల చౌడుకు ఎన్ని మూటలు?

నేల పులిసిపోతే సున్నం చల్లాలని ఆమ్లాలు, క్షారాల పాఠంలో మనమంతా చదివాం. ఆ మాట నిజమే. కాని చిప్పగిరి వైపు మా తాండాల చేలకు అది పనికిరాదు. మా నల్లరేగడిలో తవ్వితే సున్నపు గులకలే బయటపడతాయి. సున్నం ఇప్పటికే ఉన్న నేలలో ఇంకా సున్నం పోస్తే కరగదు, అట్లే పడి ఉంటుంది. మాకున్న బాధ పులుపు కాదు, చౌడు.

చౌడులోనూ రెండు రకాలున్నాయి. పాలచౌడులో పైన తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. మంచినీళ్లు పెట్టి కడిగితే చాలు, అది తగ్గుతుంది. కారుచౌడు అట్లా కాదు. అందులో సోడియం మట్టి రేణువులను అంటుకొని ఉంటుంది. వాన నీళ్లు ఇంకవు, బురదగా నిలుస్తాయి. ఎండితే నేల పెంకు కడుతుంది, మొలక పైకి రాదు. ఏ చౌడో తెలియకపోతే ఒక ఎండిన మట్టిగడ్డను గాజు గ్లాసులో వాననీళ్లలో వేసి, కలపకుండా వదిలేయండి. గడ్డ చుట్టూ పాలలాంటి మడ్డి లేచి గంటలు గడిచినా తేరుకోకపోతే కారుచౌడు అని అనుమానించాలి. దానికే జిప్సం. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది.

ఎంత వేయాలి అన్న దగ్గరే డబ్బు పోయేది. మా ఇంటివాళ్ల చేను పాసుబుక్కులో ఎకరన్నర. అంగట్లో అడిగితే, "ఎకరాకు రెండు టన్నులన్నా, మూడు టన్నులు తీసుకో" అన్నారు. అంటే యాభై కిలోల మూటలు అరవై. మేము తీసుకోలేదు. ముందు టేపు పట్టుకొని చౌడు మచ్చను కొలిచాం. పొడవు 60 మీటర్లు, వెడల్పు 40. అంటే 2,400 చదరపు మీటర్లు. సెంటు 40 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ కాబట్టి సుమారు 60 సెంట్లు. మిగతా తొంభై సెంట్లు మంచి నేల. దానికి చౌడు మందు ఎందుకు?

మట్టి కూడా ఆ మచ్చలోంచే విడిగా తీశాం. గట్లు, చెట్ల కింద, దిబ్బలున్న చోటు వదిలేసి, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి, కలిపి, అరకిలో పంపాం. మంచి నేల మట్టిని అందులో కలిపితే ఫలితం ఇటూ కాదు, అటూ కాదు. ఇంకొక సంగతి. భూసార కార్డు కోసం చేసే పన్నెండు పరీక్షల్లో ఉదజని సూచిక ఉంటుంది గాని, జిప్సం ఎంత కావాలో తేల్చే పరీక్ష లేదు. దాన్ని విడిగా అడగాలి. మాకు వచ్చిన చీటీలో ఎకరాకు 2 టన్నులు, 15 సెంటీమీటర్ల లోతుకు, నూటికి నూరుపాళ్ల శుద్ధమైన జిప్సం అని ఉంది.

ఈ చివరి రెండు మాటలను చాలామంది చదవరు. మా గుంటక దిగేది 10 సెంటీమీటర్లే. పుల్ల గుచ్చి చూసుకున్నాం. పదిహేనులో పది అంటే మూడింట రెండు వంతులు. 60 సెంట్లకు 2 టన్నుల లెక్కన 1,200 కిలోలు. అందులో మూడింట రెండు వంతులు 800 కిలోలు. మూట మీద శుద్ధత 70 శాతం అని ఉంది కాబట్టి 800ను 0.7తో భాగిస్తే సుమారు 1,143 కిలోలు. అంటే 23 మూటలు. అరవై ఎక్కడ, ఇరవైమూడు ఎక్కడ!

అయితే ఈ లెక్క పై 10 సెంటీమీటర్లను బాగుచేయడానికే. అవే 23 మూటలు చల్లి ట్రాక్టరుతో 20 సెంటీమీటర్లు దున్నితే మందు సగానికి పలచబడి, ఎక్కడా చాలకుండా పోతుంది. లోతుగా బాగుచేయాలంటే మూటలు పెంచాలి.

చల్లి గుంటక తోలాక నీళ్లు ముఖ్యం. తోసేసిన సోడియం కిందికి దిగిపోవాలి, లేదంటే మళ్లీ అక్కడే అంటుకుంటుంది. అందుకే వానలకు ముందే వేసి, గట్లు కట్టి నీళ్లు నిలపాలి. మురుగు పోయే కాలువ లేని పల్లంలో మాత్రం ముందు కాలువ తవ్వాలి. బోరు నీళ్లే చౌడైతే ఎన్ని మూటలు పోసినా దండగ. ఆ నీళ్లను కూడా పరీక్షకు పంపండి.

వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం కదా, అది వేరు. అది కాయ గట్టిపడటానికి కాల్షియం, గంధకం కోసం మొక్కల మొదళ్ల దగ్గర వేసేది. దానికి ఈ లోతు లెక్క వర్తించదు.

పాడేరు, అరకు కొండల్లో పుల్లటి ఎర్రనేలలున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇదే లెక్కను సున్నానికి వాడుకోవచ్చు. చీటీలోని మోతాదు, కొలిచిన నేల, కలిపే లోతు, సంచి మీది శుద్ధత, ఈ నాలుగే. జిప్సం మాత్రం అక్కడ పులుపును తీయదు.