నంబరు లేని బిల్లులో పన్ను గడి

వస్తు సేవల పన్నును, అంటే వాడుకలో జీఎస్టీని, కొనుగోలుదారు నుంచి వసూలు చేసే అధికారం అమ్మకందారు దుకాణం ఎంత పెద్దదనే దానిని బట్టి కాక, అతడు పన్ను శాఖ వద్ద నమోదై నంబరు పొందాడా లేదా అనే దానిని బట్టి వస్తుంది. 2017 నాటి కేంద్ర వస్తు సేవల పన్ను చట్టంలోని 32వ సెక్షన్, నమోదు కాని వ్యక్తి ఏ వస్తువు మీద గాని, సేవ మీద గాని పన్ను పేరిట ఎంత మొత్తాన్నీ వసూలు చేయరాదని నిర్ద్వంద్వంగా చెబుతుంది. ఈ నిషేధం ధర మీద కాదు, పన్ను అనే పేరు మీద ఉన్నదన్న సంగతిని గుర్తించనిదే చిన్న దుకాణం ఇచ్చే బిల్లును సరిగా చదవడం సాధ్యం కాదు.

నమోదు ఎప్పుడు తప్పనిసరి అవుతుందనే విషయంలో తెలంగాణకు ఒక ప్రత్యేకత ఉంది. కేవలం వస్తువులు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాలలో 2019 ఏప్రిల్ 1 నుంచి వార్షిక పరిమితి 40 లక్షల రూపాయలకు పెరిగినా, తెలంగాణ పాత పరిమితినే ఉంచుకున్నందువల్ల, మెదక్ జిల్లా నిజాంపేటలోని వెల్డింగ్ షాపు యజమానికి అది నేటికీ 20 లక్షలే. ఈ పరిమితిని కొలిచేది లాభంతో కాదు, టర్నోవర్‌తో, అంటే ఒకే పాన్ నంబరు కింద ఏడాదిలో జరిగిన మొత్తం అమ్మకాల విలువతో. గేటు ఒక్కింటికి 67,200 రూపాయలు తీసుకునే వెల్డరు 29 గేట్ల వరకు పరిమితి లోపలే ఉండి, ముప్పయ్యవ గేటుతో దానిని దాటుతాడు. అతడి చేతికి మిగిలేది అందులో చిన్న భాగమే అయినా, ఇనుము ఖరీదుతో సహా బిల్లు మొత్తమంతా లెక్కకు వస్తుంది. కాబట్టి నిత్యం పని ఉండే షాపు సైతం నంబరు లేకుండా పూర్తిగా చట్టబద్ధంగా నడుస్తుండవచ్చు, నంబరు లేకపోవడం దానంతట అదే మోసానికి గుర్తు కాదు.

చిక్కు మొదలయ్యేది బిల్లు పుస్తకంతో. అచ్చుకొట్టు వద్ద సిద్ధంగా దొరికే పుస్తకాలలో మొత్తానికి కింద కేంద్ర పన్ను 9 శాతం, రాష్ట్ర పన్ను 9 శాతం అని రెండు గడులు ముందే అచ్చై ఉంటాయి, పైన దుకాణం నంబరు కోసం ఒక గీత ఉంటుంది. పై గీత ఖాళీగా ఉండి కింది గడులు నిండి ఉన్న బిల్లు చేతికి వస్తే, పరిశీలన అక్కడే ఆగాలి. ఈ వ్యాసకర్త కుటుంబం ఇంటి ముందుకు ఇనుప గేటు చేయించినప్పుడు వచ్చిన కాగితం సరిగ్గా అటువంటిదే: గేటు 67,200, పన్ను 12,096, వెరసి 79,296 రూపాయలు. నోటిమాటగా ఒప్పుకున్న ధర 67,200 మాత్రమే. పన్ను ఎందుకని అడిగితే, ఇనుము కొన్నప్పుడు తాను జీఎస్టీ కట్టానని షాపు యజమాని తన కొనుగోలు బిల్లు తీసి చూపించాడు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ లెక్క ఉంది.

ఇనుప పైపులు, రేకులు అతడికి 40,000కు వచ్చాయి, వాటిపై 18 శాతం చొప్పున 7,200 పన్ను కట్టి మొత్తం 47,200 చెల్లించాడు. నమోదు లేనివాడు కొనుగోలుపై కట్టిన పన్నును ప్రభుత్వం నుంచి తిరిగి సర్దుబాటు చేసుకోలేడు గనుక అది అతడికి ఇనుము ఖరీదులో భాగమైపోతుంది. దానికి కూలి, కరెంటు, లాభం కలిపి 20,000 చేర్చగా 67,200 అయింది. అంటే కట్టిన 7,200 ఒప్పుకున్న ధరలోనే ఇమిడి ఉంది, గడిలో రాసిన 12,096 దానిపైన మరొకటి. పైగా అది ప్రభుత్వానికి చేరే దారి లేదు, ఎందుకంటే నంబరు లేనివాడు పన్ను రిటర్నును, అంటే అమ్మకాలను, పన్నును తెలిపే నియతకాలిక పత్రాన్ని, దాఖలు చేయడు.

ఇదే గేటును నమోదైన షాపు చేస్తే లెక్క వేరుగా నడుస్తుంది. ఇనుముపై కట్టిన 7,200 ఆ షాపుకు జమగా ఉంటుంది కాబట్టి ధర 40,000కు 20,000 కలిపి 60,000 అవుతుంది, దానిపై 10,800 పన్నుతో కొనుగోలుదారు 70,800 ఇస్తాడు. షాపు వసూలైన 10,800లో 7,200 మినహాయించి 3,600 ప్రభుత్వానికి కడుతుంది. రెండు షాపులకూ మిగిలేది అదే 20,000 అయినా, సొంత ఇంటికి కొనేవారికి నమోదు లేని షాపు వద్ద గేటు 3,600 చౌకగా వస్తుంది. వెల్డరు 67,200 కాక 70,800 అడిగినా చట్టం అడ్డు చెప్పదు, బేరం కుదిరితే అది ధర. అయితే ఆ 70,800నే అతడు 60,000 గాను, 10,800 పన్ను గాను విడదీసి రాస్తే నిషేధం కిందికి వస్తుంది. మొత్తం ఒకటే కదా అనిపించవచ్చు గాని, రెండో కాగితం నమోదైన షాపు బిల్లులాగే కనబడి, ఆ సొమ్ము ప్రభుత్వానికి పోతుందన్న నమ్మకంతో బేరమాడకుండా ఇచ్చేలా చేస్తుంది. అసలు నష్టం అక్కడే ఉంది. తన వ్యాపారం కోసం కొనే నమోదుదారుడికైతే మరింత నష్టం, ఆ 10,800ను అతడు తన పన్నులో సర్దుబాటు చేసుకోలేడు.

గేటు విషయంలో కుటుంబం 67,200 చెల్లించి, పన్ను గడులు లేని సాదా బిల్లు రాయించుకుంది. అందులో గేటు కొలతలు, ఇనుము బరువు, తేదీ, షాపు పేరు, అందిన మొత్తం ఉన్నాయి. రేపు వెల్డింగ్ ఊడితే అడగడానికి ఈ వివరాలు కావాలి, పన్ను గడులు అక్కరలేదు.

నంబరు ఉన్నంత మాత్రాన పన్ను వేయవచ్చని కూడా లేదు. కాంపోజిషన్ పథకంలో, అంటే టర్నోవర్‌పై స్వల్ప శాతాన్ని తన జేబు నుంచే కట్టే పద్ధతిలో, ఉన్న దుకాణదారు కొనుగోలుదారు నుంచి పన్ను వసూలు చేయరాదు, ఆ సంగతిని అతడు తన బిల్లు పైభాగాన రాయాలి. అందుకే పదిహేను అక్షరాల నంబరును gst.gov.in లోని Search Taxpayer లో కొట్టి చూసినప్పుడు పేరు, నమోదు అమలులో ఉందా అనే వివరాలతో పాటు పన్ను చెల్లింపుదారు రకాన్ని కూడా చూడాలి. తెలంగాణ నంబరు 36తో మొదలవుతుంది. తెరపై వచ్చిన పేరు దుకాణం పేరుతోనో యజమాని పేరుతోనో పొసగకపోతే అది అరువు నంబరు కావచ్చు, మరొకరి నంబరుతో బిల్లు ఇవ్వడం వేరే నేరం.

‘దరఖాస్తు పెట్టాం, నంబరు వస్తోంది’ అనే జవాబుకూ చట్టంలో దారి ఉంది. పరిమితి దాటిన 30 రోజుల లోపు దరఖాస్తు చేసుకున్నవారికి నమోదు పరిమితి దాటిన రోజు నుంచే వర్తిస్తుంది, నంబరు చేతికి వచ్చాక నెల లోపు మధ్యకాలపు బిల్లులకు బదులు సవరించిన బిల్లులు ఇవ్వవచ్చు. నంబరు రాకముందే గడి నింపడానికి మాత్రం ఇది అనుమతి కాదు. అలా వసూలైన సొమ్మును, సరుకుపై పన్ను ఉన్నా లేకున్నా, వెంటనే ప్రభుత్వానికి కట్టాలని 76వ సెక్షన్ చెబుతుంది. దాని భారం మోసిన కొనుగోలుదారు వాపసు కోరే వీలు కూడా అదే సెక్షన్‌లో ఉంది, కానీ ఆ దరఖాస్తుకు ఆధారంగా నిలిచేది పన్నును విడిగా చూపిన ఆ బిల్లే కాబట్టి, ముందే డబ్బు ఇచ్చేసినవారు దానిని చించి సాదా బిల్లు తీసుకోకుండా అసలు కాగితాన్ని దాచుకోవలసి ఉంటుంది.