పన్నెండింటికి మూడు పనులు

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల కరోనా కేసులు వరసగా బయటపడ్డాయి. చూస్తుండగానే జిల్లాలో లెక్క 80 దాటింది. మా వీధి చివర బారికేడ్లు పెట్టారు. హైదరాబాద్‌లోని మా ఆఫీసు అప్పటికే ల్యాప్‌టాప్ ఇచ్చి ఇంటి నుంచి పని చేయమంది. నాది ఇన్సూరెన్స్ క్లెయిముల పరిశీలన. ఆస్పత్రి బిల్లులు, రిపోర్టులు చూసి, పాలసీ నిబంధనలకు సరిపోతున్నాయో లేదో తేల్చి, ఫైలు మూయాలి. రోజుకు ఇన్ని ఫైళ్లని టార్గెట్ ఉంటుంది. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. ధాన్యం వచ్చే రోజుల్లో మిల్లు ఆగదు కాబట్టి వాళ్ల అమ్మానాన్నల దగ్గరే ఉండిపోయి, ఆదివారాలు మాత్రం వచ్చి వెళ్లేవారు. మా అమ్మ కోదాడలో. అంటే ఇంట్లో నేను, ఎనిమిదో తరగతి అమ్మాయి, రెండో తరగతి బాబు.

ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యేదాకా బండి ఎలాగో నడిచింది. పిల్లల బడి జులైలో టైంటేబుల్ పంపింది. అమ్మాయికి తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా నలభై నిమిషాలవి నాలుగు పీరియడ్లు. బాబుకు పది నుంచి పదీ నలభై దాకా ఒకటి, పదకొండుంబావు నుంచి పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువ దాకా ఇంకొకటి. ఆ నెల 14న కేంద్ర మానవ వనరుల శాఖ ‘ప్రజ్ఞాత’ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు సెషన్లు మించవద్దని, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు ఉండాలని అందులో ఉంది. బాబు టైంటేబుల్ దానికి సరిపోయింది, అమ్మాయిది సరిపోలేదు. అడిగితే సిలబస్ అయిపోవాలన్నారు.

ఫోన్లు రెండు ఉంటే క్లాసుల గొడవ తీరుతుందనుకుని ఒక పాత ఫోను కొన్నాం. తీరలేదు. ఏడేళ్ల పిల్లవాడికి ఫోను ఒక్కటే చాలదు, పక్కన మనిషి కావాలి. మ్యూట్ తీయాలి, పుస్తకంలో పేజీ చూపించాలి, టీచరు పేరు పిలిచినప్పుడు భుజం తట్టాలి. వాడి రెండో క్లాసు అయిన అయిదు నిమిషాలకు, సరిగ్గా పన్నెండింటికి, మా టీమ్ మీటింగ్. అమ్మాయికి అప్పుడు నాలుగో పీరియడ్ నడుస్తుంటుంది. అన్నం పొయ్యి మీద ఉండాల్సిన సమయమూ అదే.

మొదటి వారాల్లో ఇల్లు కుప్పకూలేది ఆ అరగంటలోనే. బాబు వచ్చి చీర పట్టుకుని “అమ్మా, ఆకలైతంది” అనేవాడు. హెడ్‌సెట్ పెట్టుకుని నేను బిస్కెట్ ప్యాకెట్ చేతికిచ్చేదాన్ని. అది తిన్నాక ఒంటిగంటకు అన్నం పెడితే రెండు ముద్దలకే లేచిపోయేవాడు. నాలుగింటికి తలనొప్పి, ఏడుపు. ఆ ఏడుపు ఫోను చూడటం వల్లేనని అందరూ అన్నారు. నాకు నమ్మకం కుదరక ఒక వారం పాటు వాడు ఎప్పుడేం తిన్నాడో, ఎప్పుడు ఏడ్చాడో పక్కపక్కన రాశాను. బిస్కెట్లతో కడుపు నింపుకున్న ప్రతి రోజూ సాయంత్రం ఏడుపు ఉంది. క్లాసు లేని ఆదివారం, వాళ్ల నాన్నతో కూర్చుని సరిగా తిన్న రోజు ఏడుపు లేదు. అదే ఆదివారం వాడు ఫోనులో కార్టూన్లు బాగానే చూశాడు.

అప్పుడు మా రోజు పట్టికను తిరగేసి రాశాను. అంతకు ముందు ఆఫీసు గంటలు మొదట రాసి, మిగిలిన ఖాళీల్లో క్లాసులు, ఇంకా మిగిలితే వంట ఇరికించేదాన్ని. ఈసారి రోజులో ఏది కదులుతుంది, ఏది కదలదు అని చూశాను. లైవ్ క్లాసు ఒక్క నిమిషం కదలదు. చిన్న పిల్లాడి ఆకలి అరగంటకు మించి కదలదు. నా ఫైళ్లు మాత్రం కదులుతాయి. పొద్దున ఆరింటికి మూసినా సాయంత్రం ఆరింటికి మూసినా ఆ ఫైలు ఒకటే. కాబట్టి తిండి వేళలు ముందు రాశాను, క్లాసులు వాటి పక్కన, నా పని చివర.

అయిదింటికి లేచి కూర, పప్పు పొయ్యి మీదే ముగించేదాన్ని. కుక్కర్ విజిల్ పిల్లల క్లాసులోకి వినపడుతుంది కాబట్టి ఎనిమిది దాటాక కుక్కర్ ముట్టుకోకూడదని నియమం. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలు లేవకముందు ఫైళ్లు. ఎనిమిదుంబావుకు టిఫిన్. అంతకు ముందు ఏడుంబావుకే పెట్టేయడం వల్లే పదకొండుకల్లా ఆకలి వేస్తోందని రాసుకున్న కాగితం చూస్తే తెలిసింది. బడికి పంపినట్టే డబ్బాలు సర్ది బల్ల మీద పెట్టేదాన్ని. పదీ నలభైకి బాబు క్లాసు అవగానే వాడి డబ్బా వాడే తీసుకునేవాడు. ఉడకబెట్టిన పల్లీలు, శనగ గుగ్గిళ్లు, ఒక గుడ్డు, ఏదో ఒకటి నిలబడే తిండి. బిస్కెట్లు ఇంట్లోకి తేవడం మానేశాను. అన్నం తొమ్మిదింటికే వండితే మధ్యాహ్నానికి చల్లబడి పిల్లలు ముట్టరు. అందుకని పదకొండింటికి బియ్యం నానబెట్టి, పన్నెండుంబావుకు కరెంటు కుక్కర్ స్విచ్ వేయడం. అది చప్పుడు చేయదు. పన్నెండూ నలభైకి ముగ్గురం కింద కూర్చుని తినడం. పచ్చళ్లు, కారప్పొడులు అమ్మ కోదాడ నుంచి ఆర్టీసీ పార్సిల్లో వేసేది. ఆ జూన్‌లోనే ఆర్టీసీ వాళ్లు ఆ సర్వీసు మొదలుపెట్టారు. కూర మాడిన రోజున ఆ సీసాలే అన్నం తినిపించాయి.

ఇంతా చేసినా పన్నెండింటి మీటింగ్ అలాగే ఉంది. ఒక రోజు మీటింగ్‌లో ఉండగా వంటింట్లో గిన్నె చప్పుడైంది. అమ్మాయి క్లాసు వదిలి లేచి కుక్కర్ దగ్గర నిలబడి ఉంది. “పర్లేదమ్మా, నాలుగో పీరియడ్ సోషలే” అంది. ఆ మాటకు నా గుండె ఆగినంత పనైంది. ఇంట్లో ఖాళీ సమయం లేనప్పుడు అది ఎక్కడి నుంచో రావాలి. పదమూడేళ్ల ఆడపిల్ల దగ్గర నుంచి తీసుకుంటే ఎవరూ అడగరు, ఆ పిల్ల కూడా అడగదు. పైగా మంచి పిల్ల అని పేరు.

ఆ రాత్రే మా టీమ్ లీడర్ మేడమ్‌కు మెయిల్ రాశాను. పిల్లల బాధలు రాయలేదు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది మధ్య గంటకు ఎన్ని ఫైళ్లు మూస్తున్నానో, పదకొండు నుంచి ఒంటిగంట మధ్య ఎన్నో, సిస్టమ్‌లో ఉన్న లెక్కే పెట్టాను. పొద్దుటిది దాదాపు రెట్టింపు. మీటింగ్ రెండున్నరకు మారిస్తే పన్నెండుంబావు నుంచి రెండు దాకా నేను పని దగ్గర నుంచి లేచి ఉంటానని, ఆ గంటలు పొద్దునా సాయంత్రమూ ఇస్తానని రాశాను. వారంలో మార్చారు. తర్వాత తెలిసింది, టీములో ఇంకా ముగ్గురు తల్లులు, ఒక తండ్రి అదే అరగంటతో యాతన పడుతున్నారని. ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు.

పట్టిక నిజంగా పరీక్షకు నిలిచింది అక్టోబరు 13న. ఆ మంగళవారం రాష్ట్రమంతా కుండపోత. పొద్దున్నే కరెంటు పోయింది. మా ఇన్వర్టర్ మీద ఫ్యానూ రౌటరూ నడుస్తున్నాయి, నెట్ మాత్రం లేదు. కేబుల్ అబ్బాయి నేర్పిన గుర్తు ఒకటుంది. పెట్టె మీద లైట్లేవీ లేకపోతే లోపం ఇంట్లోది. ఎల్‌ఓఎస్ అనే చోట ఎర్ర లైటు వెలిగితే అవతలి నుంచి సంకేతం రావట్లేదని అర్థం. తీగ తెగి ఉండాలి, లేదా వీధి స్తంభం మీది పెట్టెకు కరెంటు లేకపోవాలి. ఆ పెట్టెలో బ్యాటరీ ఉన్నా కొంతసేపే ఆగుతుంది. ఇంట్లో ఎంత పెద్ద ఇన్వర్టర్ ఉన్నా దానికి మందు లేదు.

ఇక ఫోన్ డేటానే దిక్కు. నా సిమ్‌కు రోజుకు ఒకటిన్నర జీబీ. మా కెమెరా ఆపేసి టీచరును మాత్రం చూస్తే ఒక్కో క్లాసుకు మూడు వందల ఎంబీ దాకా అవుతోందని ఫోన్‌లోని లెక్క చూసి ముందే రాసుకున్నాను. ఇద్దరివీ ఆరు క్లాసులంటే 1.8 జీబీ, నా పనికి ఏమీ మిగలదు. అమ్మాయికి ఆ రోజు లెక్కలు, సైన్సు ఉన్నాయి. ఆ రెండూ చూడమన్నాను. మిగతా రెండిటికీ స్నేహితురాలి నోట్సు ఫొటోలు. బాబు రాలేడని టీచరుకు మెసేజ్ పెట్టి, పుస్తకంలో ఒక పేజీ చూసిరాత రాయించాను. క్లెయిముల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువగా అక్షరాలే కాబట్టి హాట్‌స్పాట్ మీద కొద్ది డేటాతో నడిచింది. రెండున్నర మీటింగ్‌కు మామూలు ఫోన్ కాల్‌లో చేరాను. అన్నం గ్యాస్ మీద వండాను. పన్నెండూ నలభైకే తిన్నాం. ఏం వదిలేయాలో ముందే తెలిసి ఉండటం వల్ల ఆ రోజు ఇంట్లో ఎవరూ ఏడవలేదు.

బాబు పోగొట్టుకున్న ఆ పాఠం మాత్రం మళ్లీ దొరకలేదు. బడి వాళ్లు రికార్డు చేయరు. కోదాడలో మా అన్నయ్య కొడుకు ప్రభుత్వ బడిలో ఆరో తరగతి. వాళ్లకు సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చేవి. సందేహం అడగడానికి టీచరు ఎదురుగా ఉండరు, ఆ లోటు పెద్దదే. కానీ కరెంటు పోతే అదే పాఠం తర్వాత యూట్యూబ్‌లో దొరికేది. మా వదిన కుట్టుమిషన్ పని ముగించుకుని, వాడికి అన్నం పెట్టాక, పక్కన కూర్చుని చూపించేది. ఫీజు కట్టిన మా ఇంట్లో ఆ వెసులుబాటు లేదు.

బడులు 2021 ఫిబ్రవరిలో పై తరగతులకు తెరిచి, మార్చిలో మళ్లీ మూసి, చివరికి సెప్టెంబరు 1న తెరిచారు. అప్పటిదాకా మా ఇల్లు ఆ కాగితం మీదే నడిచింది. ఇప్పటికీ భారీ వర్షాలకు సెలవిచ్చినప్పుడు కొన్ని బడులు ఆన్‌లైన్ క్లాసులంటూ మెసేజ్ పెడుతున్నాయి. వాళ్లను నేను అడిగేది రెండే. చిన్న తరగతుల పాఠం రికార్డు చేసి పంపండి. పెద్ద తరగతులకు పన్నెండు దాటాక పీరియడ్ పెట్టకండి. ఆఫీసుల్లో టీములు నడిపేవాళ్లు కూడా మధ్యాహ్నం మీటింగ్ వేసేముందు, ఆ వేళ మీ వాళ్ల ఇంట్లో అన్నం ఎవరు వండుతున్నారో ఒక్కసారి అడగండి.